'ఉండు' అనే క్రియకి శ్రీకాకుళం నుంచి ఒక ఉత్తరం

ఏమోయ్ 'ఉండు',

బాగున్నావా అని అడగను. ఉండటమే నీ ఉద్యోగం కాబట్టి ఎలాగూ ఉంటావు. నా గోలంతా మా ఆఫీసులో నువ్వు చేస్తున్న రెండో ఉద్యోగం గురించి. సీట్లో లేని మనిషి కోసం ఎవరైనా ఫోన్ చేస్తే "ఉన్నారండి" అంటాం. ఫోన్ పెట్టేసి మన దారిన మనం పోయేటప్పుడేమో "ఉంటానండి" అంటాం. అంటే మనిషి లేనప్పుడూ నువ్వే, మనిషి పోతున్నప్పుడూ నువ్వే. నిజంగా సీట్లో కూర్చుని పనిచేసేవాడి గురించి మాత్రం నిన్ను వాడే అవసరం ఎవరికీ రాదు, వాడి కోసం ఎవరూ ఫోన్ చెయ్యరు కూడా.

ఇందులో తప్పంతా నీ మీదే వెయ్యలేను. నీ తమ్ముడు 'లేరు' ఉన్నాడే, వాడితో వచ్చిన చిక్కు ఇది. మా ఆఫీసుకి కొత్తగా చేరిన కుర్రాడొకడు మొదటి వారంలోనే ఫోనెత్తి, పాపం నిజమే చెప్పాడు, "సార్ లేరండి" అని. అవతల కాసేపు నిశ్శబ్దం. తర్వాత నెమ్మదిగా, "అయ్యో, ఎప్పుడు బాబూ?" అన్నారు. వీడు గడియారం చూసి "పదిన్నరకండి" అన్నాడు. ఆ సారు పక్క వీధికి జిరాక్స్ తీయించడానికి వెళ్ళాడు, తిరిగొచ్చేసరికి ఆయన ఫోన్లో పరామర్శలు. అప్పట్నుంచి మా దగ్గర ఒట్టి 'లేరు' అనకూడదు, 'సీట్లో లేరు' అనాలి, అది కూడా ముందు 'ఉన్నారండి' అనేశాకే.

ఈ కవర్ చెయ్యడానికి మా వాళ్ళు అరగదీసి నునుపు చేసిన వాక్యం ఒకటుంది: "ఉన్నారండి, ఇప్పుడే ఇలా వెళ్ళారు, వచ్చేస్తారు." చూడటానికి చిన్నదే కానీ గట్టి వాక్యం. 'ఇప్పుడే'లో టైమ్ లేదు, 'ఇలా'లో దిక్కు లేదు. 'వస్తారు' అంటే ఎప్పుడో వస్తారని, 'వచ్చేస్తారు' అంటే మెట్లెక్కుతున్నారని. ఇంతకు మించి ఒక్క మాట కలిపినా ప్రమాదమే. 'టీకి వెళ్ళారు' అంటే పావుగంటే పనిచేస్తుంది. 'బ్యాంకు పని మీద' అంటే పూట గడిచిపోతుంది కానీ ఆ రోజు బ్యాంకు సెలవేమో ముందే చూసుకోవాలి. 'ఒంట్లో బాలేదు' అంటే రేపు ఆయన్ని పట్టుకుని "ఎలా ఉంది?" అని అడుగుతారు, ఆయనకేమో ఈ జబ్బు సంగతే తెలియదు. ఇంకొకటి, ఫోనెత్తిన మొదటి మనిషి ఏం చెప్పాడో రెండో మనిషికి తెలిసి తీరాలి, లేకపోతే ఒకే మనిషి ఒకే గంటలో టీకీ బ్యాంకుకీ వెళ్ళొస్తాడు.

ఇంత తెలిసినవాణ్ణి, మొన్న నీ వల్లే దొరికిపోయాను.

పక్క సీటాయన అల్లుడు రైల్లో వస్తున్నాడని స్టేషన్‌కి వెళ్ళాడు. పదింటికి వెళ్ళి పదకొండుకల్లా వచ్చేస్తానన్నాడు, కాస్త చూసుకో బావూ అన్నాడు. సరే అన్నాను. పదకొండున్నరకి ల్యాండ్‌లైన్ మోగింది. విశాఖ నుంచి మా పెద్దసారు. ఆయనది టెక్కలి వైపే, అందుకని మాతో ఆఫీసు భాష మాట్లాడరు.

"ఏటి బావూ, పక్కాయన ఉన్నాడేటి?"

"ఉన్నారండి. ఇప్పుడే ఇలా వెళ్ళారు, వచ్చేస్తారు."

"వచ్చేస్తాడా? అయితే ఉంటాను."

నేనేమనుకుంటాను చెప్పు? చిన్నప్పట్నుంచి ఫోన్లో ఆ మాట వినపడితే కాల్ అయిపోయినట్టే కదా! "సరేనండి, ఉంటానండి" అని నేనూ అనేసి, పెద్దగా ఏ గొడవా లేకుండా పని అయిపోయిందని సంతోషపడుతూ పెట్టేశాను. అర నిమిషంలో మళ్ళీ మోగింది.

"పెట్టేశావేటి? లైన్లో ఉంటానన్నాను కదా!"

నీ అసలు అర్థంలో నిన్ను వాడే మనిషిని ఇన్నేళ్ళ సర్వీసులో మొదటిసారి చూశాను. నిజంగా ఉన్నాడాయన. ఒక చేత్తో రిసీవర్ పట్టుకుని, రెండో చేత్తో పక్కాయన సెల్‌కి ఫోన్ చేశాను. ఆ కంగారులో స్పీకర్ నొక్కేశాను. అవతల నుంచి మనిషి గొంతు కంటే ముందు ఆ అమ్మాయి గొంతు వచ్చింది, "దయచేసి వినండి" అని. పెద్దసారు దయచేసి విన్నారు.

ఇక్కడ మా జిల్లావాళ్ళు కాని వాళ్ళకి ఒక సంగతి చెప్పాలి. మా స్టేషన్ బోర్డు మీద శ్రీకాకుళం రోడ్ అని ఉంటుంది కానీ అది ఉన్నది ఆమదాలవలసలో, ఊరికి పది కిలోమీటర్ల పైనే. ఊళ్ళోకి రైలు రాదు. ఏడు రోడ్ల కూడలికి ఏడు రోడ్లున్నాయి కానీ ఒక్క పట్టా లేదు. వేరే ఊళ్ళో అయితే కిటికీ పక్కనే స్టేషనండి అని ఏదో సర్దుకోవచ్చు, టెక్కలి మనిషి దగ్గర ఆ పప్పు ఉడకదు.

"మన ఆఫీసులోకి రైలొస్తుందేటి బావూ?" అన్నారాయన, చాలా ప్రశాంతంగా.

తిట్టేసుంటే అక్కడితో అయిపోయేది. ఆయన తిట్టలేదు, అసలు పని కూడా వదిలేసి కబుర్లలోకి దిగారు. నీ అసలు ఆట అప్పుడు మొదలైంది. పైవాళ్ళతో మాట్లాడేటప్పుడు నిన్ను ముందు మనం వాడకూడదు, 'పెట్టేస్తాను' అని అసలే అనకూడదు. మనకి మిగిలేది 'సరేనండి' ఒక్కటే. మొదటి 'సరేనండి' అంటే విషయం అయిపోయిందని. రెండోది కాస్త సాగదీసి, గొంతు దించి అనాలి, అంటే మీరు దయతలిస్తే అని. దానికి అవతల నుంచి 'సరే మరి' వస్తే గండం గట్టెక్కినట్టే, ఎందుకంటే ఆ 'మరి' వచ్చాక ఇంకో విషయం ఎవరూ ఎత్తరు. ఆయన 'మరి' అనలేదు. "ఇంకేటి?" అన్నారు. దానికి "ఏమీ లేదండి" అని ఊరుకోవాలి. నేను మర్యాదకి పోయి "మీరే చెప్పాలండి" అన్నాను.

చెప్పారు. నాగావళిలో నీళ్ళున్నాయా అని, వాళ్ళ బావమరిది పొలం గట్టు గొడవ అని, పిల్లల పరీక్షలని. నా సాగదీసిన 'సరేనండి'లు ఆరు దాకా లెక్కపెట్టుకున్నాను. ఏడో దానికి "సరే" అన్నారు. హమ్మయ్య అనుకునేలోగా, "అన్నట్టు" అన్నారు. ఈ 'అన్నట్టు' వెనకాల వచ్చేదే అసలు పని అని నాకు అప్పుడు గుర్తొచ్చింది. పలాస జీడిపప్పు రెండు కిలోలు, బద్దలు కాదు, గుండ్లు. "పక్కాయన ఎలాగూ రైలు దగ్గరే ఉన్నాడు కదా, అటు వెళ్ళే బండెక్కి పట్టుకొచ్చి ఇమ్మను" అన్నారు. అప్పుడు వచ్చావు నువ్వు, తీరుబడిగా: "ఉంటాను మరి."

ఈసారి వెంటనే పెట్టలేదు, నిజంగా ఉన్నారేమోనని కాసేపు విన్నాను.

జీడిపప్పు డబ్బులు ఎవరు పెట్టుకోవాలన్న దాని మీద ఇంకా తేలలేదు. రైలుకి వెళ్ళింది ఆయన, స్పీకర్ నొక్కింది నేను. ఆ సంగతి అలా ఉంచి, ఇప్పుడు నాకు నీతో ఇంకో అవసరం పడింది. ల్యాండ్‌లైన్ మోగుతోంది, నంబరు విశాఖది. పక్కాయన ఇవాళ పొద్దున్నుంచీ సీట్లోనే ఉన్నాడు, కదలకుండా ఉన్నాడు, ఉండి, లేనని చెప్పమని రెండు చేతులూ ఊపుతున్నాడు.

ఇట్లు,
ఫోనెత్తబోతున్న నేను