మధ్యకు పదేళ్ల గ్యారంటీ, అంచులకు గోవిందా

నవంబరులో అల్పపీడనం పట్టి తిరుపతిలో కపిలతీర్థం జలపాతం దూకడం మొదలవగానే బైరాగిపట్టెడలో మిద్దెలు ఉరవడం మొదలవుతుంది. యాత్రికులు అక్కడ ఫోటోలు దిగుతుంటారు, మనం ఇక్కడ బకెట్లు సర్దుకుంటుంటాం. సరిగ్గా ఆ వానల్లోనే మన ఊళ్లో వాటర్‌ప్రూఫింగ్ కాంట్రాక్టర్ల ఫోన్లు బిజీ వస్తాయి. సిమెంటు పూత తప్ప మిగతా ఏ రకం పూత వేసినా కింద స్లాబు ఎండి ఉండాలి కాబట్టి ఈ పని ఫిబ్రవరి నుంచి మే లోపు చేయించుకోవాలని తెలిసినవాళ్లు అంటారు. కానీ ఉరవని మిద్దెకు డబ్బు ఖర్చు పెట్టడం సంసారుల లక్షణం కాదు. జబ్బు కళ్లకు కనబడాలి, అప్పుడే మందు.

ఈ శాస్త్రాన్ని లోతుగా పరిశీలించే భాగ్యం మా వీధి నాకు కల్పించింది. ఒకే మేస్త్రి, ఒకే ఏడాది, ఒకే ప్లానుతో కట్టిన మూడు ఇళ్లు వరసగా ఉన్నాయి. ఒక్కో మిద్దె వెయ్యి చదరపు అడుగులు, అంటే దాదాపు 93 చదరపు మీటర్లు. మూడింటి మీదా పిల్లర్ చువ్వలు ఆకాశంలోకి చేతులు చాచి ఉంటాయి. పెద్దకొడుకు అమెరికా నుంచి వచ్చి పై అంతస్తు వేస్తాడు. ఇంకా రాలేదు, చువ్వలకు మాత్రం తుప్పు వచ్చింది. 2021 నవంబరు వరదల తర్వాత మూడిళ్లవాళ్లూ మూడు రకాల పూతలు వేయించారు. ఏ లేబొరేటరీ కూడా ఇంత చక్కటి ప్రయోగం చేసి ఉండదు.

మొదటి ఇల్లు రిటైర్డ్ హెడ్మాస్టరు గారిది. ఆయన సిమెంటు పూత ఎంచుకున్నారు. ఇందులో ఒక సంచి పొడి, ఒక డబ్బా తెల్లటి పాలిమర్ ద్రవం వస్తాయి. రెండూ కలిపి బ్రష్‌తో ఒక కోటు నిలువుగా, అది ఆరాక రెండో కోటు అడ్డంగా పూస్తారు. రెండూ కలిపి ఒక మిల్లీమీటరు, మహా అయితే కొంచెం ఎక్కువ. చవక, ఎవరైనా పూయగలరు, బాత్‌రూముల్లో టైల్స్ కింద ఇది నిజంగానే చాలాకాలం నిలబడుతుంది. ఎండకు విప్పి పెట్టిన మిద్దె మీద మాత్రం మూడేళ్లు, బాగా చేస్తే ఐదేళ్లు.

దీనికి తిరుపతి ఎండ తెలియదు, అదీ దీని బాధ. పది మీటర్ల స్లాబు ముప్పై డిగ్రీలు వేడెక్కితే సుమారు మూడు మిల్లీమీటర్లు పొడుగు సాగుతుంది, రాత్రి చల్లబడి మళ్లీ ముడుచుకుంటుంది. పైన సాగేది కాంక్రీటు స్లాబు, దాని మీద కూర్చున్న పిట్టగోడ ఇటుకది. రెండూ ఒకేలా కదలవు. ఆ కదలికంతా పిట్టగోడ స్లాబును కలిసే గీత దగ్గరికి వచ్చి చేరుతుంది. ఒక మిల్లీమీటరు సిమెంటు పొర అక్కడ వెంట్రుకవాసి బీట ఇస్తుంది, నీళ్లకు అంతే చాలు. హెడ్మాస్టరు గారింట్లో కూలీలు పైగా మిట్ట మధ్యాహ్నం పూశారు. స్లాబును ముందు తడిపి, నీళ్లు నిలవకుండా తడి మాత్రం మిగిల్చి, పొద్దున్నో సాయంత్రమో పూయాలి. లేకపోతే ఎండ ఆ నీళ్లను తాగేసి పొడిని పొడిగానే మిగులుస్తుంది. ఇప్పుడు ఆ మిద్దె మీద అరచేతితో రుద్దితే తెల్లగా అంటుకుంటుంది. మనవరాలు ముగ్గు వేసుకోవడానికి పనికొస్తుందని హెడ్మాస్టరమ్మ గారు సంతోషించారు.

రెండో ఇల్లు బట్టల కొట్టు ఆయనది. చవక పనులు చేయరు. ఆయన తారు షీటు వేయించారు. దీన్ని గ్యాస్ బర్నర్‌తో కింద కాలుస్తూ పరుస్తారు, వీధంతా రోడ్డు వేస్తున్న వాసన. నిజం చెప్పాలంటే మూడింట్లో దీర్ఘాయుష్షు దీనిదే. పైన సన్నగా కాంక్రీటు గానీ పెంకులు గానీ పరిచి ఎండ తగలకుండా కాపాడితే పది, పదిహేనేళ్లు ఉంటుంది. అలా వదిలేస్తే అందులో సగం అనుకోవచ్చు.

ఇక్కడ లెక్క ఒకటి చేయాలి, ఓపిక పట్టండి. ఒక రోల్ ఒక మీటరు వెడల్పు, పది మీటర్ల పొడుగు. షీటు మీద షీటు నాలుగు అంగుళాలు ఎక్కించి అతికించాలి కాబట్టి ఒక్కో రోల్‌తో నికరంగా తొమ్మిది చదరపు మీటర్లు కూడా రాదు. ఆ పైన షీటును పిట్టగోడ మీదికి అడుగు ఎత్తు మడిచి, గోడలో గాడి కోసి, చివర అందులో దూర్చి మూయాలి. చుట్టూ 39 మీటర్ల పిట్టగోడకు అదొక్కటే పదకొండు చదరపు మీటర్ల పైచిలుకు. మొత్తం పన్నెండు రోల్స్ కావాలి. మన కాంట్రాక్టరు పది తెచ్చాడు. తెచ్చినదానితో సరిగ్గా సరిపోయింది! అతుకు రెండు అంగుళాలకు తగ్గించాడు, పిట్టగోడ దగ్గర షీటును గోడ అంచు వరకు తెచ్చి ఆపేశాడు. పొదుపు అంటే ఇదీ.

ఇంకొక విశేషం కూడా జరిగింది. వాన వెలిసిన నాలుగో రోజే పని మొదలుపెట్టారు. పైకి ఎండినట్టు కనబడే స్లాబు కడుపులో తడి ఉంటుంది. షీటు పరిచాక ఎండకు అది ఆవిరై, బయటికి దారి లేక షీటును బుడగలా లేపుతుంది. కొట్టు ఆయన మిద్దె మీద ఇప్పుడు అరటి ఆకంత బుడగలు ఉన్నాయి, తొక్కితే పగులుతాయి. దీన్ని ముందే కనిపెట్టడానికి పెద్ద పరికరం అక్కర్లేదు. గజం కొలత ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగు వైపులా టేపు వేసి స్లాబుకు అంటించి, రాత్రంతా ఉంచి, మర్నాడు లేపి చూడాలి. కింద నీటి చుక్కలు కనబడితే పని వాయిదా. ఇంత చవకైన పరీక్షను ఏ కాంట్రాక్టరూ చేయడు. చేస్తే నవంబరు పనులన్నీ ఫిబ్రవరికి పోతాయి.

మూడో ఇంటివాళ్ల అల్లుడు బెంగుళూరులో సాఫ్ట్‌వేరు. ఆయన ఫోన్‌లోనే అన్నీ చదివి పాలీయూరితేన్ ద్రవం వేయించారు. రబ్బరులా సాగుతుంది, అతుకులు లేవు, మూలల్లోకీ పైపుల చుట్టూ కూడా పూయొచ్చు. కాగితం మీద దీనికి తిరుగులేదు. పైన ఎండను తట్టుకునే కోటు వేస్తే ఎనిమిది నుంచి పదేళ్లు అనుకోవచ్చు. ఇదే కుటుంబంలో చవక చుట్టం యాక్రిలిక్ పూత, దానికి మూడు నుంచి ఐదేళ్లు. నీళ్లు నిలిచిన చోట అది ఉబ్బి మెత్తబడి లేచిపోతుంది.

ద్రవానికి ఉన్న గొప్ప సౌకర్యం ఏమంటే, ఎంత పలచగా పూసినా మొదటి రోజు ఒకేలా మెరుస్తుంది. చదరపు మీటరుకు కిలోన్నర నుంచి రెండు కిలోలు పడితే గానీ మిల్లీమీటరు పైన మందం రాదు. 93 చదరపు మీటర్లకు 140 కిలోలు, అంటే ఇరవై కిలోల డబ్బాలు ఏడు. అల్లుడు గారు వచ్చి చూసేసరికి వరండాలో ఖాళీ డబ్బాలు మూడు ఉన్నాయి. అంటే అర మిల్లీమీటరు కూడా లేదు. అడిగితే మేస్త్రి నిండు మనసుతో, "మా కుర్రోళ్ల చెయ్యి అట్లాంటిది సార్, ఒక్క చుక్క వేస్ట్ చెయ్యరు" అన్నాడు. పూత రకం, రంగు, బ్రాండు గురించి నెల్లాళ్లు పరిశోధన చేసిన అల్లుడికి డబ్బాలు లెక్కపెట్టాలని ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు ప్రయోగ ఫలితం. గత నవంబరులో మూడిళ్లూ ఉరిశాయి. మూడూ ఒకే చోట! ఈశాన్య మూలలో, పిట్టగోడ స్లాబును కలిసే గీత దగ్గర. రెండిళ్లలో పిల్లర్ చువ్వల కింద కూడా. చువ్వ తుప్పు పడితే లావెక్కి చుట్టూ ఉన్న కాంక్రీటును పగలగొడుతుంది, నీళ్లు చువ్వను పట్టుకుని నేరుగా పిల్లరులోకి దిగుతాయి. తుప్పు గీకి, చువ్వల చుట్టూ జానెడు ఎత్తు కాంక్రీటు దిమ్మె కట్టి, పూతను ఆ దిమ్మె మీదికి ఎక్కించాలి. మూడు పూతల్లో ఏదీ చువ్వల జోలికి పోలేదు. వాస్తు ప్రకారం ఈశాన్యంలో నీళ్లుండాలి కాబట్టి ఇందులో లోపమేమీ లేదని వీధిలో ఒక పెద్దాయన తేల్చారు.

గ్యారంటీ కాగితాలు తెచ్చి చూశాం. మూడు కాంట్రాక్టర్లు వేరు, మూడు మందులు వేరు, మాట ఒక్కటే. పదేళ్లు. పిట్టగోడ జాయింట్లు, పైపు దూరిన చోట్లు, తూములు, నిర్మాణంలో వచ్చిన బీటలు, ప్రకృతి వైపరీత్యాలు వర్తించవు. అంటే మిద్దె నడిమధ్యలో, బీట లేని చోట, వాన కురవనప్పుడు నీళ్లు దిగితే కాంట్రాక్టరు పరుగెత్తుకొస్తాడు. ఈ పరిపాలనా విభజన నాకు చాలా నచ్చింది. మధ్య కాంట్రాక్టరుది, అంచులు ఏడుకొండలవాడివి. నీళ్లు ఎటూ అంచుల్లోనే దిగుతాయి కనుక ఇద్దరి మధ్యా తగాదా రాదు.

పని పూర్తయిన రోజు తూములు మూసి, రెండు అంగుళాల నీళ్లు కట్టి, రెండు రోజులు ఉంచి కింద సీలింగు చూసుకోవాలనే నియమం ఒకటి ఉంది. 93 చదరపు మీటర్లకు అది నాలుగున్నర వేల లీటర్ల పైచిలుకు, దాదాపు ఒక ట్యాంకరు. బకాయి డబ్బు ఆ పరీక్ష తర్వాతే ఇవ్వాలి. మా వీధిలో ఆ మాట ఎత్తితే మూడు ఇళ్లవాళ్లూ ఒకేలా చూశారు. ఎండాకాలంలో తాగడానికి ట్యాంకరు దొరకదు, మిద్దె మీద పోస్తారా? న్యాయమే. అందుకే పరీక్షను ఉచితంగా వానకే అప్పజెప్పారు. డబ్బు మాత్రం పూత ఆరకముందే ఇచ్చేశారు, కూలీలు పండగకు ఊరికి పోవాలట.

హెడ్మాస్టరు గారు ఈ పూతల మీద నమ్మకం వదిలేసి శాశ్వత పరిష్కారానికి దిగారు. మిద్దె మొత్తం కప్పేలా రేకుల షెడ్డు వేయిస్తున్నారు. వాన మిద్దె మీద పడదు, ఎండా తగలదు, పై అంతస్తు వచ్చినట్టు కూడా ఉంటుంది. నిన్న వెల్డింగ్ మేస్త్రి వచ్చి డ్రిల్లుతో స్లాబులోకి రంధ్రాలు వేశాడు. ఒక్కో స్తంభానికి నాలుగు బోల్టులు, స్తంభాలు పన్నెండు. అన్నీ పిట్టగోడ వెంబడే, తూముల వైపు. వాన జల్లు రేకుల అంచుల నుంచి లోపలికి కొట్టదా అని అడిగాను.

"రేకులకు పదేళ్లు గ్యారంటీ సామీ" అన్నాడు. "బోల్టులకు మాత్రం చెప్పలేను."