ఎల్‌టీ వైపు బేస్ 433 వోల్టులు, 415 కాదు

ప్రతి విలువనూ ఒక బేస్ విలువతో భాగించి లెక్కచేసే పర్ యూనిట్ పద్ధతిని మనం నేర్పే తీరు మీద నాకు చాలా కోపం ఉంది. బేస్ విలువలు ఏవైనా తీసుకోవచ్చని మొదటి క్లాసులోనే చెప్పేస్తాం. అది సగమే నిజం. కేవీఏ మాత్రం నిజంగానే మన ఇష్టం, సర్క్యూట్ మొత్తానికి ఒకటే ఉంటే చాలు. వోల్టేజ్ అలా కాదు. ఒక వైపు మాత్రమే మన ఇష్టం. ట్రాన్స్‌ఫార్మర్ దాటాక అవతలి వైపు బేస్ ఎంతో దాని టర్న్స్ నిష్పత్తే చెబుతుంది. ఈ రెండో సగం వినని పిల్లలు లెక్కంతా చక్కగా చేసి, చివర్లో ఓల్టులకూ ఆంపియర్లకూ మార్చేటప్పుడు దెబ్బతింటున్నారు.

మన ఊళ్లలో కనిపించే ట్రాన్స్‌ఫార్మర్‌నే తీసుకుందాం. 100 కేవీఏ, 11 కేవీ / 433 వోల్టులు, ఇంపెడెన్స్ 4.5 శాతం. నేమ్‌ప్లేట్ మీద ఈ మూడూ ఉంటాయి. దాని నుంచి ఎల్‌టీ లైను వెళ్తుంది. ఒక్కో ఫేజుకు లైను రెసిస్టెన్స్ 0.11 ఓం, రియాక్టెన్స్ 0.06 ఓం అనుకుందాం. చివర్లో పంపుసెట్లు, అన్నీ కలిపి 80 ఆంపియర్లు, పవర్ ఫ్యాక్టర్ 0.8 లాగింగ్. హెచ్‌టీ వైపు సరిగ్గా 11 కేవీ వస్తోంది. మోటార్ల దగ్గర ఎంత వోల్టేజ్ ఉంటుంది?

బేస్ కేవీఏకి నేను ట్రాన్స్‌ఫార్మర్ రేటింగునే, అంటే 100నే తీసుకుంటాను. చిన్న సర్క్యూట్‌కి కూడా అలవాటు కొద్దీ 100 ఎంవీఏ పెట్టేవాళ్లను చూస్తే బాధేస్తుంది. అందులో తప్పేమీ లేదు, జవాబు అదే వస్తుంది. కానీ అప్పుడు ఈ ట్రాన్స్‌ఫార్మర్ ఇంపెడెన్స్ 45 పర్ యూనిట్ అవుతుంది, కరెంటు 0.0006 అవుతుంది. ఆ అంకెలు చూసి ట్రాన్స్‌ఫార్మర్ మీద లోడు ఎక్కువో తక్కువో ఎవరు చెప్పగలరు? 100 కేవీఏ బేస్ మీద కరెంటు 0.6 అని వస్తే, అరవై శాతం లోడు అని చూడగానే తెలుస్తుంది. ఇంపెడెన్స్ కూడా నేమ్‌ప్లేట్ మీదున్న 4.5 శాతమే, అంటే 0.045. దేన్నీ మార్చక్కర్లేదు.

పైన ఉన్న సబ్‌స్టేషన్‌ని కూడా కలపాలా అన్న అనుమానం వస్తే, అదీ ఇక్కడే తీరిపోతుంది. అక్కడ 5 ఎంవీఏ, 33/11 కేవీ, 7.15 శాతం ట్రాన్స్‌ఫార్మర్ ఉందనుకోండి. మన బేస్ మీద దాని విలువ 0.0715ని 50తో భాగిస్తే వచ్చేది, సుమారు 0.0014. మన 0.045 పక్కన అది లెక్కలోకి రాదు. ఆ ట్రాన్స్‌ఫార్మర్‌ని ధైర్యంగా వదిలేయొచ్చు.

ఇక వోల్టేజ్ బేస్. హెచ్‌టీ వైపు 11 కేవీ తీసుకున్నాం. కాబట్టి ఎల్‌టీ వైపు 433 వోల్టులే తీసుకోవాలి. మిగతావి వాటి నుంచే వస్తాయి:

```
Zbase = V² / S = 433² / 100000 = 1.875 Ω
Ibase = S / (√3 × V) = 100000 / (√3 × 433) = 133.3 A
```

V అంటే లైన్ వోల్టేజ్, S అంటే మూడు ఫేజుల మొత్తం. ఇంపెడెన్స్ ఫార్ములాలో √3 రాదు, కరెంటులో వస్తుంది. ఈ రెండూ కలగాపులగం చేసి జవాబును 1.73 రెట్లు పెంచేవాళ్లో తగ్గించేవాళ్లో ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు.

లైను ఇంపెడెన్స్‌ని 1.875తో భాగిస్తే రెసిస్టెన్స్ 0.0587, రియాక్టెన్స్ 0.032 వచ్చాయి. ట్రాన్స్‌ఫార్మర్ 0.045 మొత్తాన్నీ రియాక్టెన్స్‌గానే తీసుకుంటే, మొత్తం రియాక్టెన్స్ 0.077. నిజానికి అందులో కొంత రెసిస్టెన్స్ ఉంటుంది, పద్ధతి అర్థం కావడానికి దాన్ని పక్కన పెడుతున్నాను. కరెంటు 80ని 133.3తో భాగిస్తే 0.6. పవర్ ఫ్యాక్టర్, అంటే కొసైన్, 0.8 కాబట్టి సైన్ కూడా 0.6 అవుతుంది. వోల్టేజ్ డ్రాప్ సుమారుగా 0.6 × (0.0587 × 0.8 + 0.077 × 0.6), అంటే 0.056. మోటార్ల దగ్గర మిగిలింది 0.944.

ఇక్కడిదాకా అందరూ వస్తారు. ఇప్పుడు 0.944ని దేనితో గుణించాలి? చాలామంది 415తో గుణిస్తారు. ప్యానెల్ మీదా, మోటారు ప్లేటు మీదా, పాఠంలోనూ కనిపించేది 415 కదా. అలా చేస్తే 392 వోల్టులు వస్తుంది. సరైన లెక్క 433తో గుణిస్తే వచ్చే 409. తేడా 17 వోల్టులు. ఇది చిన్న తేడా అనుకోవద్దు. 415 మీద ఆరు శాతం తగ్గుదలను అనుమతించే హద్దు అనుకుంటే ఆ హద్దు 390. తప్పు జవాబు చూసినవాడు వోల్టేజ్ హద్దు అంచుకు చేరిందని కంగారుపడి కండక్టర్ మార్చాలనో, ఇంకో ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలనో రాసేస్తాడు. నిజంగా తగ్గింది 415 మీద ఒకటిన్నర శాతమే.

సరిచూసుకోవడం కష్టం కాదు. పర్ యూనిట్ లేకుండా నేరుగా ఓల్టుల్లో చేయండి. 4.5 శాతం అంటే ఎల్‌టీ వైపు 0.0844 ఓం. లైనులో డ్రాప్ √3 × 80 × (0.11 × 0.8 + 0.06 × 0.6), అంటే సుమారు 17.2 వోల్టులు. ట్రాన్స్‌ఫార్మర్‌లో 7. రెండూ కలిపి 24. 433 నుంచి తీసేస్తే 409. ఈ రెండు దారుల్లోనూ ఒకే అంకె రాకపోతే ఎక్కడో బేస్ తప్పిందని అర్థం.

415 మీదే మనసుంటే దాన్నే బేస్‌గా పెట్టుకోండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ అప్పుడు హెచ్‌టీ వైపు బేస్ 11 కేవీ ఉండదు, 11 × 415 / 433, అంటే 10.54 కేవీ అవుతుంది. సప్లై 1.043 పర్ యూనిట్ అవుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ ఇంపెడెన్స్ 0.045 కాస్తా 0.049 అవుతుంది, ఎందుకంటే నేమ్‌ప్లేట్ శాతం దాని సొంత 433 మీద చెప్పింది. లైను విలువలు, కరెంటు కూడా మారతాయి. అంతా చేస్తే చివర్లో 0.985 వస్తుంది, దాన్ని 415తో గుణిస్తే మళ్లీ అదే 409. సగం ఈ బేస్ మీద, సగం ఆ బేస్ మీద చేస్తేనే అసలు చిక్కు.

కరెంటును వెనక్కి మార్చేటప్పుడూ ఇదే సూత్రం. 0.6ని ఎల్‌టీ బేస్ 133.3తో గుణిస్తే 80 ఆంపియర్లు. హెచ్‌టీ ఫ్యూజు సంగతి చూడాలంటే అదే 0.6ని హెచ్‌టీ బేస్ 5.25తో గుణించాలి, 3.15 ఆంపియర్లు వస్తుంది. ఏ చోట అంకె కావాలో ఆ చోటి బేస్‌తోనే గుణించాలి.

ఇంకో మాట కూడా పాఠంలో చేర్చాలి. ఈ ట్రాన్స్‌ఫార్మర్ల వెక్టర్ గ్రూప్ మామూలుగా డీవైఎన్11. ఎల్‌టీ వోల్టేజ్ హెచ్‌టీ కన్నా 30 డిగ్రీలు ముందుంటుంది. పర్ యూనిట్ సర్క్యూట్‌లో ఆ 30 డిగ్రీలు కనిపించవు. వోల్టేజ్ పరిమాణం చాలనుకుంటే ఫరవాలేదు, రెండు వైపుల కోణాలు పోల్చాలంటే మనమే కలుపుకోవాలి. ట్యాప్ మార్చిన పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ అయితే అసలు నిష్పత్తే మారిపోతుంది కాబట్టి నేమ్‌ప్లేట్ మీద ఆ ట్యాప్‌కి ఎంత రాసి ఉందో చూసి బేస్ వేసుకోవాలి, లేదా తేడాను విడిగా ఒక నిష్పత్తిగా సర్క్యూట్‌లో పెట్టుకోవాలి.

ప్రశ్నపత్రాలు తయారుచేసేవాళ్లకు నా విన్నపం ఒక్కటే. "11 కేవీ / 415 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్" అని రాయకండి. స్తంభం మీదున్న నేమ్‌ప్లేట్‌లో ఏముందో అదే ఇవ్వండి: 433. లోడు దగ్గర 415 ప్రమాణం కావాలంటే విడిగా చెప్పండి. ఏది బేసో, ఏది ప్రమాణమో పిల్లలు తేల్చుకునేలా ప్రశ్న అడగండి.