మూడు వారాల తర్వాత ఒక పలకరింపు

“మనసులో ఉన్నదంతా రాసి పంపెయ్, తేలికైపోతావు” అని సలహా ఇచ్చేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. తేలికయ్యేది రాసినవాడు. బరువంతా చదివేవాడి నెత్తిన పడుతుంది.

మూడు వారాల క్రితం నలుగురి ముందు నా స్నేహితుణ్ణి ఒక మాట అన్నాను. “ఉద్యోగాలు మానేయడం నీకు కొత్తా?” అని. అందరూ నవ్వారు, వాడు లేచి వెళ్లిపోయాడు. ఆ రాత్రి ఫోనులో ఇద్దరం పాత లెక్కలన్నీ బయటికి తీశాం. అక్కడితో మాటలు ఆగిపోయాయి.

మొదట పద్దెనిమిది వరుసలు రాశాను. మూడో వరుసలోనే “తప్పు నాదే, కానీ నువ్వు కూడా” అని వచ్చింది. ఆ “కానీ” తర్వాత వచ్చేదంతా మళ్లీ తగాదాయే. చెరిపేసి “నా మాటకు నువ్వు బాధపడి ఉంటే క్షమించు” అని రాశాను. ఇది ఇంకా ఘోరం. లేచి వెళ్లిపోయిన మనిషిని పట్టుకుని “బాధపడి ఉంటే” అనడమేమిటి?

వాడి పుస్తకం ఒకటి నా దగ్గర ఉంది, దాన్ని అడ్డం పెట్టుకుందామా అనుకున్నాను. కానీ గొడవయ్యాక “నీ వస్తువు నీకిచ్చేస్తాను” అంటే లెక్క తేల్చుకుందామన్నట్టే వినిపిస్తుంది. నలభై మందికి పంపే శుభాకాంక్షల్లో వాణ్నీ ఒకడిగా కలిపేయడమూ నచ్చలేదు. అది జవాబు రాకపోతే “అందరికీ పంపానులే” అని తప్పించుకోవడానికి ముందే వేసుకున్న దారి.

చివరికి గుర్తొచ్చింది, వాళ్ల అమ్మగారికి కంటిశుక్లం ఆపరేషన్ ఆ వారంలోనే. “అమ్మగారి ఆపరేషన్ బాగా జరిగిందా? వీలైనప్పుడు చెప్పు” అని రాశాను. ఆమె సంగతి నిజంగా తెలుసుకోవాలనుంది కాబట్టే అడిగాను, లేకపోతే తల్లిని ఎర వేసినట్టయ్యేది. ఒక్క మాటలో జవాబు చెప్పగలిగే ప్రశ్న, తొందర పెట్టని ప్రశ్న.

చూసినట్టు గుర్తు పడింది. జవాబు లేదు. ఆరు గంటలు. “చూశావు కదా” అని రాయాలని వేళ్లు లాగాయి. ఫోను పక్క గదిలో పెట్టేశాను.

“అయింది. బాగుంది” అని వచ్చింది. పొడిగానే ఉంది, అయినా వచ్చింది. ఆ క్షణాన “ఆ రోజు సంగతి...” అని మొదలుపెట్టాలనిపిస్తుంది చూడండి, అసలు ప్రమాదం అక్కడే ఉంది. తలుపు కాస్త తెరుచుకోగానే సామానంతా లోపలికి తోసేయడం లాంటిది. నేను “చుక్కలు వేయించుకుంటున్నారా?” అని మాత్రం అడిగాను.

“ఎక్కడ? రోజుకు నాలుగుసార్లు యుద్ధమే. నన్నే గుడ్డివాణ్ని చేసేట్టుంది.”

ఈసారి రెండు నిమిషాల్లోనే వచ్చింది. అది చదివి చాలాసేపు నవ్వుకున్నాను.

నేనన్న మాట గురించి ఇంకా మాట్లాడుకోలేదు. ఆదివారం కలుస్తున్నాం. క్షమాపణ ఎదురుగానే చెబుతాను, “కానీ” లేకుండా. పుస్తకం మాత్రం తీసుకెళ్లను.