65 శాతం అంటే ఒక కిలో: గుడ్ల టిఫిన్ మీద పరిశోధన అసలేం చెప్పింది

"రోజూ పొద్దున రెండు గుడ్లు తింటే 65 శాతం ఎక్కువ బరువు తగ్గుతారు" అనే మెసేజ్ మీకూ ఏదో ఒక వాట్సాప్ గ్రూపులో వచ్చే ఉంటుంది. అది గాల్లోంచి పుట్టింది కాదు, 2008లో ఇంటర్నేషనల్ జర్నల్ ఆఫ్ ఒబేసిటీలో వచ్చిన ఒక అధ్యయనంలోదే. కాకపోతే ఆ అధ్యయనానికి రెండో సగం ఒకటుంది, అది మాత్రం ఏ మెసేజ్‌లోనూ కనపడదు. బెంగళూరులో మారతహళ్లి, బెల్లందూరు వైపు పీజీల్లో ఉంటూ ఉడకబెట్టిన గుడ్లు తెగ తింటూ, అయినా ప్యాంటు బటన్ పట్టడం లేదని విసుక్కునే మనవాళ్లకి ఆ రెండో సగమే అసలు ముఖ్యం.

అందులో ఏం చేశారంటే, అధిక బరువున్న 152 మందిని తీసుకుని నాలుగు గుంపులు చేశారు. రెండు గుంపులకి పొద్దున రెండు గుడ్లున్న టిఫిన్, మిగతా రెండు గుంపులకి బేగెల్, అంటే మైదాతో చేసే చిల్లు బన్ను. రెండు టిఫిన్లూ 340 కేలరీలే. ఇక గుడ్ల వాళ్లలో ఒక గుంపుకీ, బన్ను వాళ్లలో ఒక గుంపుకీ రోజు మొత్తం తిండిలో 1000 కేలరీలు తగ్గించుకోమన్నారు. మిగిలిన రెండు గుంపుల్ని మాత్రం మీ ఇష్టం, మామూలుగా తినండి అని వదిలేశారు. 8 వారాల తర్వాత చూస్తే, తిండి తగ్గించుకున్న వాళ్లలో గుడ్ల గుంపు సగటున 2.63 కిలోలు తగ్గింది, బన్ను గుంపు 1.59 కిలోలు తగ్గింది. ఊరంతా చెప్పుకునే 65 శాతం ఇదే, తేడా లెక్కేస్తే రెండు నెలల్లో ఒక కిలో. తక్కువేం కాదు, కానీ 65 శాతం అని విన్నప్పుడు మన బుర్రలో మెదిలే అంకె అయితే ఇది కాదు.

మరి తిండి తగ్గించుకోని గుంపుల సంగతి? అక్కడ గుడ్లు తిన్నవాళ్లకీ బన్ను తిన్నవాళ్లకీ చెప్పుకోదగ్గ తేడా ఏమీ లేదు. గుడ్డు తనంతట తాను ఎవరి బరువూ తగ్గించలేదు, తగ్గాలని కూర్చున్నవాళ్లకి సాయం చేసిందంతే. ఈ అధ్యయనానికి డబ్బు పెట్టింది అక్కడి గుడ్ల ఉత్పత్తిదారుల సంస్థ అమెరికన్ ఎగ్ బోర్డ్ అన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి. అందుకని దీన్ని కొట్టిపారెయ్యనక్కర్లేదు, ఎందుకంటే తమకి పనికిరాని ఫలితాన్ని కూడా దాచకుండా రాశారు, కానీ ప్రచారంలోకి ఏ సగం వచ్చిందో, ఏ సగం రాలేదో ఆలోచిస్తే విషయం అర్థమవుతుంది.

ఇక కడుపు నిండటం సంగతి. ఆ బృందమే 2005లో ఇంకో చిన్న ప్రయోగం చేసింది. 30 మంది ఆడవాళ్లకి ఒక రోజు గుడ్లు, టోస్టు కలిపిన టిఫిన్, ఇంకో రోజు అన్నే కేలరీల బేగెల్ టిఫిన్ పెట్టి, మూడున్నర గంటల తర్వాత భోజనం పెట్టి ఎంత తింటారో చూశారు. గుడ్లు తిన్న రోజు మధ్యాహ్నం సుమారు 160 కేలరీలు తక్కువ తిన్నారు. ప్రోటీన్ ఎక్కువున్న తిండి పొట్టలోంచి నెమ్మదిగా కదులుతుంది, కడుపు నిండిందని మెదడుకి చెప్పే హార్మోన్లని పెంచుతుంది, పైగా మైదా, అన్నం లాంటివి ఒంటరిగా తిన్నప్పుడు షుగర్ జివ్వున లేచి పడిపోయినట్టు గుడ్డుతో జరగదు. 2010లో 21 మంది మగవాళ్లతో చేసిన ఇంకో ప్రయోగంలో కూడా గుడ్ల టిఫిన్ తిన్న రోజున తర్వాతి తిండి తగ్గింది.

ఇప్పుడు ఈ 160ని కాస్త పట్టుకుని లెక్కేద్దాం. మనకి నామక్కల్ నుంచి వచ్చే మామూలు సైజు గుడ్డులో సుమారు 70 కేలరీలు, 6 గ్రాముల ప్రోటీన్ ఉంటాయి. రెండు గుడ్లంటే 140. అంటే రోజూ తినే టిఫిన్ ఏమీ తగ్గించకుండా దానిమీద రెండు గుడ్లు అదనంగా వేసుకుంటే, మధ్యాహ్నం మిగిలేది ఎంతో పొద్దున ఎక్కించుకున్నది ఇంచుమించు అంతే. ఆ మిగులు కూడా అన్నే కేలరీల టిఫిన్ మార్చినప్పుడు వచ్చింది గానీ, పైన కలిపినప్పుడు వచ్చింది కాదు. ప్రయోగాల్లో ఎక్కడా గుడ్లు ఎక్స్‌ట్రా కాదు, ఇంకోదాని బదులు.

మా పీజీలో ఉండే గుంటూరు అబ్బాయి ప్లేటు తీసుకుందాం. వారంలో మూడు రోజులు అక్కడ చిత్రాన్నమే, మన పులిహోరకి చింతపండు బదులు నిమ్మకాయ పిండితే ఎలా ఉంటుందో అలాగ. ప్లేటు నిండా పెడతారు, నూనె, పల్లీలు కలిపి 500 కేలరీలకి అటూఇటూ, అందులో ప్రోటీన్ చూస్తే 9, 10 గ్రాములు దాటదు. మనవాడు యూట్యూబ్ చూసి దానికి రెండు ఉడికిన గుడ్లు జోడించాడు, మొత్తం 640. పదకొండుకి టీ, రెండు బిస్కెట్లు అలవాటు ప్రకారం నడుస్తూనే ఉన్నాయి. తగ్గుతాడా? అదే ప్లేటులో చిత్రాన్నం సగం తీసేసి గుడ్లు పెడితే 390 కేలరీలు, ప్రోటీన్ 17 గ్రాములు. ఆ రెండు ప్లేట్ల మధ్య రోజుకి 250 కేలరీల తేడా, తినేవాడికి మాత్రం రెండింట్లోనూ అవే రెండు గుడ్లు. అన్నం పూర్తిగా మానెయ్యమని నేను అనను, మానేసినవాడు సాయంత్రం ఆరింటికి పానీపూరి బండి దగ్గర తేలతాడు, ఆ ప్రయోగాల్లో కూడా గుడ్లతో పాటు బ్రెడ్డు పెట్టారు.

అయితే గుడ్డులో ఒక లోటుంది: పీచు అసలు లేదు, పరిమాణం చిన్నది. సిడ్నీ యూనివర్సిటీ వాళ్లు 1995లో 38 రకాల తిండి పదార్థాల్ని 240 కేలరీల చొప్పున పెట్టి, రెండు గంటల పాటు కడుపు ఎంత నిండినట్టుందో అడిగి మార్కులు వేశారు. తెల్ల బ్రెడ్డుకి 100 అనుకుంటే గుడ్డుకి 150 వచ్చింది. బాగానే ఉంది, కానీ కమలాపండుకి 202, ఉడికించిన బంగాళదుంపకి ఏకంగా 323. బరువు తగ్గాలంటే దుంపలే తినమని దీని అర్థం కాదు. నీళ్లూ పీచూ ఉండి పొట్టలో చోటు ఆక్రమించే తిండి గుడ్డు పక్కన ఉండాలని మాత్రం తెలుస్తోంది. ఒట్టి గుడ్లు తిని పదింటికే ఆకలేస్తోంది అనేవాళ్లకి చాలాసార్లు లోపించేది ఇదే. కీరా, ఒక జామకాయ, గుప్పెడు మొలకలు, ఏదైనా పరవాలేదు.

నన్నడిగితే ఈ లెక్కల ప్రకారం మనకి అన్నిటికంటే సరిపోయే టిఫిన్ గుడ్డు పెసరట్టు. ఇందులో ఊరి మీద ప్రేమ కొంచెం ఉంది, ఒప్పుకుంటాను, కానీ అంకెలు కూడా అదే చెబుతున్నాయి. పొట్టుతో ఉన్న పెసలు 50 గ్రాములు రాత్రి నానబెట్టి, అల్లం, పచ్చిమిర్చి, జీలకర్రతో రుబ్బితే రెండు మాదిరి అట్లు వస్తాయి. ఒక్కో అట్టు మీద ఒక గుడ్డు కొట్టి పరిచి, ఉల్లిపాయ ముక్కలు చల్లి, రెండింటికీ కలిపి ఒక టీస్పూన్ నూనెతో కాలిస్తే మొత్తం 350 కేలరీల దగ్గర ఆగుతుంది. ఆ అధ్యయనంలో టిఫిన్ 340, మనదీ దాదాపు అంతే, కానీ ఇందులో ప్రోటీన్ 24 గ్రాములు, పైగా పెసల పొట్టు వల్ల 8 గ్రాముల దాకా పీచు. లోపల ఉప్మా పెట్టి ఎమ్మెల్యే పెసరట్టు చేశారంటే లెక్క మళ్లీ మొదటికొస్తుంది. కొబ్బరి చట్నీ గిన్నెతో పోసుకున్నా అంతే, అల్లం చట్నీ అయితే ఒక చెంచా చాలు, అందులో బెల్లం ఉంటుంది కాబట్టి.

నూనె దగ్గరే చాలామంది లెక్క తప్పుతుంది. ఒక టీస్పూన్ నూనె 40 కేలరీలు, పెద్ద గరిటెడు వంచితే 120 దాటుతుంది, అంటే దాదాపు రెండు గుడ్లంత. ఇంట్లో నాన్‌స్టిక్ పాన్ మీద ఉల్లిపాయ, టమాటా వేసి చేసుకున్న గుడ్డు పొరటూ, బండి మీద నూనెలో తేలే ఎగ్ బుర్జీ పేరుకి ఒకటే, ఒంట్లోకి వెళ్లాక ఒకటి కాదు. బేకరీలో ఎగ్ పఫ్ అయితే మరీ మోసం: గుడ్డు సగమే, చుట్టూ ఉన్నదంతా మైదా, వనస్పతి. ప్రోటీన్ తిన్నామన్న తృప్తి తప్ప ఏమీ మిగలదు.

పీజీలో స్టవ్ లేనివాళ్లు కెటిల్‌లో ఉడకబెడుతుంటారు, దానికో చిన్న మాట. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్లకి పైనే ఉంది కాబట్టి నీళ్లు ఇక్కడ 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. ఊళ్లో పది నిమిషాలకి గట్టిపడే గుడ్డుకి ఇక్కడ ఇంకో నిమిషం ఇవ్వండి. జిమ్ ట్రైనర్ చెప్పాడని పచ్చివి పాలలో కొట్టుకుని తాగడం మాత్రం వద్దు. 1998లో బెల్జియంలో చేసిన ఒక చిన్న పరిశోధనలో ఉడికిన గుడ్డు ప్రోటీన్ 91 శాతం ఒంటికి పడితే, పచ్చి గుడ్డుది 51 శాతమే పట్టింది. పైగా సాల్మొనెల్లా టెన్షన్ ఒకటి.

పచ్చసొన తీసి పారెయ్యాలా అని ప్రతి ఒక్కరూ అడుగుతారు. గుడ్డులో 70 కేలరీలుంటే 50కి పైగా సొనలోనే ఉంటాయి, అది నిజమే. కానీ 40 శాతం ప్రోటీన్ కూడా అందులోనే ఉంది, పైన చెప్పిన ప్రయోగాలన్నీ మొత్తం గుడ్డుతో చేసినవే. రెండు గుడ్ల వరకు సొన తీసే అవసరం నాకు కనపడదు, నాలుగైదు తినేవాళ్లు మిగతావాటిలో తెల్లసొన మాత్రం తీసుకుంటే కేలరీలు కలిసొస్తాయి. షుగర్ ఉన్నవాళ్లు, చెడు కొలెస్ట్రాల్ ఎక్కువున్నవాళ్లు మాత్రం ఇది నా మాట మీద కాకుండా తమ డాక్టర్‌ని అడిగి తేల్చుకోవాలి.

పని చేస్తోందో లేదో తెలుసుకోవడానికి మొదటి రెండు వారాలు బరువు చూడకండి, పదకొండు గంటల బిస్కెట్‌ని చూడండి. దాని మీదకి చెయ్యి పోవడం తగ్గిందా, ఆఫీసు క్యాంటీన్‌లో రెండోసారి అన్నం పెట్టించుకోకుండా లేవగలుగుతున్నారా? ప్రయోగంలో వాళ్లకి కడుపు నిండినప్పుడు ఆపే వీలుంది. మన క్యాంటీన్‌లో ట్రేలో పెట్టిందంతా తినేసే అలవాటుంటే పొద్దున గుడ్డు ఎంత కడుపు నింపినా ఆ 160 కేలరీలు మిగలవు, అందుకని పెట్టించుకునేటప్పుడే ఒక గరిటె తక్కువ వెయ్యమనాలి.

శనివారం గుడ్డు ముట్టం, సోమవారం శివుడు, కార్తీకంలో నెలంతా లేదు, మరి ఎలా అనే ప్రశ్న మన దగ్గర తప్పకుండా వస్తుంది. 2008 అధ్యయనంలో కూడా వారానికి కనీసం 5 రోజులు తింటే చాలన్నారు, ఏడు రోజులూ తినమనలేదు. ఆ మిగతా రెండు రోజులకి ఒట్టి పెసరట్టు, పక్కన ఒక కప్పు గట్టి పెరుగు సరిపోతాయి. కార్తీక మాసం నెలంతా కూడా ఇదే.