లక్ష్మిని నాలుగు దగ్గర కోస్తే లక్ష

మా స్కూలు పూర్వ విద్యార్థుల సమావేశానికి గురువులందరికీ మెడలో వేసుకునే బ్యాడ్జీలు చేయించాం. పేర్లన్నీ తెలుగులో శుభ్రంగా టైప్ చేసి ప్రింటింగ్ వాళ్లకు పంపాం. తీరా చూస్తే మా తెలుగు టీచర్ గారి బ్యాడ్జి మీద "శ్రీమతి వెంకట వరలక్ష" అని ఉంది. "ఏం నాయనా, నన్ను లక్షకి అమ్మేశారా?" అని ఆవిడ నవ్వేశారు. బాల్‌పెన్ను తీసుకుని, చివర్లో ఉన్న క తలకట్టును గుడిగా దిద్ది, కింద మ వత్తు తగిలించుకుని, దాన్నే మెడలో వేసుకున్నారు.

ప్రింటింగ్ కుర్రాడికి ఫోన్ చేస్తే "సార్, పేరుకి 20 లెటర్సే లిమిట్, అందుకే కట్ అయింది" అన్నాడు. టీచర్ గారు వేళ్ల మీద లెక్కపెట్టారు. శ్రీ, మ, తి, వెం, క, ట, వ, ర, ల, క్ష్మి. పది అక్షరాలు. మధ్యలో ఖాళీలు రెండూ కలిపితే పన్నెండు. ఇరవై పట్టే చోట పన్నెండు ఎందుకు పట్టలేదు?

ఇలాంటప్పుడు మనవాళ్లు ఠక్కున చెప్పే జవాబు ఒకటుంది: "ఫాంట్ ప్రాబ్లమ్ అండీ." కాదు. ఫాంట్‌కి ఇందులో పిసరంత పాత్ర కూడా లేదు. తనకిచ్చిన కోడ్‌లను అది నిక్కచ్చిగా గీసి చూపించింది. తప్పు లెక్కలో జరిగింది. మా టీచర్ గారు అక్షరాలు లెక్కపెట్టారు, సాఫ్ట్‌వేర్ కోడ్ పాయింట్లు లెక్కపెట్టింది. తెలుగు పేరును అక్షరం మధ్యలో కోసే ప్రోగ్రామ్‌ను, కూడిక తప్పు చేసే ప్రోగ్రామ్‌తో సమానంగా చూడాలన్నది నా వాదన. కూడిక తప్పైతే ఎవరూ డబ్బు కట్టరు. దీనికి మాత్రం బిల్లు కట్టేసి, బాల్‌పెన్నుతో దిద్దుకుంటున్నాం.

కోడ్ పాయింట్ అంటే, ప్రపంచ లిపులన్నిటికీ ఉమ్మడి పట్టిక అయిన యూనికోడ్ ఒక్కో గుర్తుకి ఇచ్చిన నంబరు. తెలుగులో హల్లుకి ఒకటి, గుడికి ఒకటి, కొమ్ముకి ఒకటి, సున్నకి ఒకటి. వత్తుకి మాత్రం విడిగా నంబరు లేదు. హల్లు, దాని తర్వాత పొల్లు, ఆ తర్వాత ఇంకో హల్లు వస్తే, రెండో హల్లు వత్తుగా కనిపిస్తుంది. అంటే "లక్ష్మి" అనే రెండక్షరాల పేరు లోపల ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి అని ఏడు ముక్కలుగా ఉంటుంది. యూటీఎఫ్-8 ఫైల్‌లో తెలుగు ముక్క ఒక్కొక్కటి మూడు బైట్లు తీసుకుంటుంది కాబట్టి మొత్తం 21 బైట్లు. పైథాన్‌లో చూడండి:

```python
s = "లక్ష్మి"
len(s)                  # 7
len(s.encode("utf-8"))  # 21
s[:4]                   # 'లక్ష'
```

నన్ను భయపెట్టేది ఆ చివరి లైనే. నాలుగు దగ్గర కోస్తే వచ్చింది చెత్త కాదు, నిఘంటువులో ఉన్న మాట. స్పెల్‌చెకర్ ఊరుకుంటుంది, డేటాబేస్ ఊరుకుంటుంది, ఫైల్ సరిగ్గా ఉందో లేదో చూసే ఏ పరీక్ష అయినా పాస్ చేస్తుంది. అక్కడ లక్ష్మి ఉండాలని తెలిసిన మనిషి కంటపడితే తప్ప ఈ తప్పు దొరకదు. మా బ్యాడ్జి కథా ఇదే. పేరు మొత్తం 23 కోడ్ పాయింట్లు, ఇరవయ్యోది సరిగ్గా ష దగ్గర పడింది. మరొక్కటి పట్టి ఉంటే "వరలక్ష్" అని చివర పొల్లు వేలాడుతూ కనిపించేది, కుర్రాడికైనా అనుమానం వచ్చేది.

బైట్ల లెక్కన కోస్తే ఇంకో రకం గాయం. ఒరాకిల్ డేటాబేస్‌లో పేరు కాలమ్‌కి `VARCHAR2(20)` అని రాస్తే, సెట్టింగ్ మార్చనంతవరకు అది 20 బైట్లు. ఇంగ్లిష్‌లో Lakshmi ఏడు బైట్లే. తెలుగులో 21 కాబట్టి రెండక్షరాల పేరు ఇరవైలో పట్టదు. ఒరాకిల్ నిజాయితీగా `ORA-12899` అని ఎర్రర్ ఇస్తుంది. ఆ ఎర్రర్ రాకూడదని ప్రోగ్రామర్ ముందే 20 బైట్ల దగ్గర కోసేస్తాడు. అప్పుడు గుడికి ఉన్న మూడు బైట్లలో రెండే మిగులుతాయి, తెరమీద "లక్ష్మ�" అని వస్తుంది. ఆ నల్ల డైమండ్‌లో ప్రశ్నార్థకం కనిపించిందంటే ఎవరో బైట్ల మధ్య కత్తి పెట్టి ఉండొచ్చని అనుమానించాలి. దాన్ని కూడా "క్లీన్" చేసే మహానుభావులున్నారు. చేశాక లక్ష్మి కాస్తా లక్ష్మ అవుతుంది.

కోయడం వదిలేసి చదవడం దగ్గరికి వస్తే, నాకు అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించే విషయం అక్కడుంది. మన దగ్గర ఇంగ్లిష్ సెట్టింగ్‌లో ఉన్న విండోస్ మిషన్ల పాత డిఫాల్ట్, ఏ బైటు ఏ అక్షరమో చెప్పే 1252 అనే పశ్చిమ యూరప్ పట్టిక. పైథాన్‌లో ఎన్‌కోడింగ్ చెప్పకుండా ఫైల్ తెరిస్తే ఆ పట్టికతోనే చదువుతుంది. (3.15 వెర్షన్ నుంచి యూటీఎఫ్-8ని డిఫాల్ట్ చేయాలని పైథాన్ వాళ్లు నిర్ణయించారు. మన ఆఫీసుల్లో మిషన్లు అక్కడికి ఎప్పుడు చేరతాయన్నది వేరే సంగతి.) ఆ పట్టికలో 256 గదులుంటే అయిదు ఖాళీ: 81, 8D, 8F, 90, 9D. ఇప్పుడు తమాషా చూడండి. తెలుగు కొమ్ము చివరి బైటు 81. పొల్లు చివరి బైటు 8D.

కాబట్టి ఫైల్‌లో "రమ" అని మాత్రమే ఉంటే ఏ ఎర్రరూ రాదు, నిశ్శబ్దంగా `à°°à°®` అవుతుంది. "రాము" ఉంటే కొమ్ము దగ్గర ఆగిపోతుంది:

```
UnicodeDecodeError: 'charmap' codec can't decode byte 0x81 in position 11: character maps to <undefined>
```

`à°` వరస చూసి జనం కంగారుపడతారు గానీ నిజానికి అది చిన్న జబ్బు. బైట్లన్నీ క్షేమంగా ఉన్నాయి, కళ్లద్దాలు తప్పు. `encoding="utf-8"` అని చెప్పి మళ్లీ తెరిస్తే రమ తిరిగొస్తుంది. అసలు ప్రమాదం ఆ ఎర్రర్‌ని నోరుమూయించడంలో ఉంది. నెట్‌లో ఎవరో చెప్పారని `errors="ignore"` తగిలిస్తారు, ప్రోగ్రామ్ నడుస్తుంది, అందరూ ఊపిరి పీల్చుకుంటారు. అక్కడ జరిగింది ఏమిటంటే, కొమ్ములో E0 B1 81 ఉండాల్సిన చోట 81 పోయింది, పొల్లులో E0 B1 8D ఉండాల్సిన చోట 8D పోయింది. రెండింటికీ మిగిలింది E0 B1 ఒక్కటే. ఆ ఫైల్‌ని సేవ్ చేసి అసలుది చెరిపేస్తే, ఎక్కడ కొమ్ము ఉందో ఎక్కడ వత్తు ఉందో ఆ బైట్లను చూసి ఎవరూ చెప్పలేరు. లోకంలో ఎంత మంచి కన్వర్టర్ తెచ్చినా అంతే. ఎక్సెల్‌లో మామూలు సీఎస్‌వీగా సేవ్ చేసినప్పుడు వచ్చే ప్రశ్నార్థకాల వరస కూడా ఇలాంటిదే: అక్కడ పేరు లేదు, పేరు ఉండేదన్న గుర్తు మాత్రమే ఉంది. "సీఎస్‌వీ యూటీఎఫ్-8" అనే ఆప్షన్ అదే మెనూలో ఉంటుంది.

ఇంజినీర్ల వైపు మాట కూడా చెప్పాలి. అక్షరాన్ని కొలతగా పెట్టుకోలేం అంటారు వాళ్లు, అది కొట్టిపారేసే మాట కాదు. ఒక అక్షరానికి ఎన్ని వత్తులైనా పడొచ్చు, కాబట్టి దానికి గరిష్ఠ సైజు లేదు. పైగా అక్షరం ఎక్కడ తెగుతుందో చెప్పే యూనికోడ్ నియమమే మారింది. 2023లో వచ్చిన 15.1 వెర్షన్ దాకా దాని లెక్కలో లక్ష్మి అంటే ల, క్, ష్, మి అని నాలుగు ముక్కలు. అందులో చేర్చిన కొత్త నియమంతో రెండయింది. వెర్షన్ మారితే పొడవు మారే కొలతను డేటాబేస్‌కి ఎలా పెడతాం? పెట్టొద్దు. దాచేచోట కాలమ్ ధారాళంగా ఇవ్వండి, చూపించేచోటే కోయండి, కోసేటప్పుడు అక్షరం అంచున కోయండి. అదేమంత బ్రహ్మవిద్య కాదు. కత్తి తర్వాత గుణింతపు గుర్తో పొల్లో ఉన్నా, ముందు పొల్లు ఉండి తర్వాత హల్లు ఉన్నా, కత్తిని ఒక గడి వెనక్కి జరపాలి:

```python
from unicodedata import category as c
def cut(s, n):
    while 0 < n < len(s) and (c(s[n])[0] == "M" or
          (s[n-1] == "\u0c4d" and c(s[n]) == "Lo")):
        n -= 1
    return s[:n]
```

దీనికి మా టీచర్ గారి పేరు ఇస్తే 20 దగ్గర "శ్రీమతి వెంకట వరల" అని వస్తుంది. అదీ ఆవిడ పేరు కాదు. కానీ లక్ష అనే అబద్ధం చెప్పదు, తెగిందని చూడగానే తెలుస్తుంది. బ్యాడ్జి మీదైతే అసలు కోయడమెందుకు, రెండో లైన్లోకి దింపొచ్చు కదా.

ఈ పొల్లు పద్ధతిని పరాయివాళ్లు మన నెత్తిన రుద్దారని కొందరు ఆవేశపడతారు. యూనికోడ్ మన లిపులకు తీసుకున్న నమూనా 1988 నాటి ఇస్కీ, మన దేశం తయారుచేసుకున్న ప్రమాణమే. నమూనా మంచిదే. దాన్ని వాడే చోట మన బాధ్యత మనం తీసుకోలేదు. ఎందుకు తీసుకోలేదో నాకు తెలుసనే అనుకుంటున్నాను. మన కంప్యూటర్లలో అసలు పేరు ఇంగ్లిష్‌లో ఉంటుంది, తెలుగు పేరు దాని పక్కన బొట్టు బిళ్ల. ఇంగ్లిష్ పేరు తెగితే పని ఆగుతుంది, తెలుగు పేరు తెగితే "ఇంగ్లిష్‌లో కరెక్టుగానే ఉంది కదండీ" అంటారు. ఎస్సెమ్మెస్‌లో ఇంగ్లిష్‌కి 160, తెలుగుకి 70 అన్నా మనం అడగలేదు. ఆ 70 కూడా అక్షరాలు కావు, ఇందాకటి ముక్కలే. ఉత్పలమాలకి పాదానికి ఇరవై అక్షరాలని బడిలో వేళ్లు మడిచి నేర్చుకున్నవాళ్లమే, ఉద్యోగంలో చేరాక `len` ఏడు అంటే ఏడని ఒప్పేసుకున్నాం. టెస్టింగ్‌లో టైప్ చేసేది abcd, test123.

"యూనికోడ్ సపోర్ట్ ఉండాలి" అనే టెండర్ వాక్యం దగ్గర ఇదంతా మొదలవుతుంది. బ్యాడ్జిలో లక్ష అని వేసిన సాఫ్ట్‌వేర్‌కి కూడా ఆ సపోర్ట్ నిక్షేపంగా ఉంది. ఆ వాక్యం తీసేసి మూడు పేర్లు రాయండి: రమ, రాము, శ్రీమతి వెంకట వరలక్ష్మి. ఫైల్‌లోంచి చదివించండి, డేటాబేస్‌లో పెట్టించండి, సీఎస్‌వీగా బయటికి తీయించండి, ఆఖర్న అతి చిన్న కార్డు మీద ప్రింట్ చేయించండి. రమ పాడైతే కళ్లద్దాల తప్పు. రాము దగ్గర ఆగితే డిఫాల్ట్ పట్టిక తప్పు. రాములో కొమ్ము మాయమైతే ఎవరో ఎర్రర్ నోరు నొక్కారు. మూడో పేరు లక్షగా దిగితే బిల్లు ఆపండి.