ప్లాన్‌లో లేని అంతస్తు

పక్కింటివాళ్లు అనుమతి లేకుండా ఇంకో అంతస్తు లేపారు, మా వంటింట్లో పట్టపగలే లైటు వేసుకోవాల్సి వస్తోంది, గాలి ఆడటం లేదు. మునిసిపల్ కార్యాలయాలకు చేరే ఇలాంటి అర్జీల్లో కష్టం నిజమైనదే. కానీ వెలుతురు తగ్గిందన్న ఒక్క మాట మీద టౌన్‌ప్లానింగ్ అధికారి చేయగలిగింది దాదాపు ఏమీ లేదు. నిబంధనల ప్రకారం కట్టిన మూడో అంతస్తు మీ కిటికీని పూర్తిగా మూసేసినా మునిసిపాలిటీ ఆపలేదు. ప్లాన్‌లో లేని నాలుగో అంతస్తు మీద మాత్రం, అది మీ కిటికీకి అడ్డురాకపోయినా సరే, చర్య తీసుకోవలసిందే. కాబట్టి అర్జీలో మొదట రావలసింది పక్కింటికి మంజూరైన ప్లాన్ ఏమంటోంది, అక్కడ కట్టింది ఏమిటి అన్న లెక్క. చీకటి సంగతి ఆ తర్వాత.

హైదరాబాద్‌లో 250 గజాల స్థలాన్నే తీసుకుందాం. అంటే సుమారు 209 చదరపు మీటర్లు. 2012 నాటి భవన నిర్మాణ నిబంధనల (జీవో 168) పట్టికలో 200 నుంచి 300 చదరపు మీటర్ల వరుసలోకి వస్తుంది. అక్కడ పార్కింగ్ స్టిల్ట్‌ను లెక్కలోంచి తీసేసి 10 మీటర్ల ఎత్తు వరకు కట్టుకోవచ్చు. వాడుకలో అది స్టిల్ట్ మీద మూడు అంతస్తులు. 10 మీటర్ల ఎత్తుకు పోతే ముందువైపు కాక మిగతా వైపుల 1.5 మీటర్ల చొప్పున ఖాళీ వదలాలి. ఇప్పుడు అదే స్థలంలో నాలుగో అంతస్తు లేచింది, మీ గోడవైపు వదిలింది 0.9 మీటరే అనుకుందాం. వదలాల్సిన ఖాళీలో, అంటే సెట్‌బ్యాక్‌లో, 0.6 మీటరు లేదా 40 శాతం కొరత. 10 శాతం లోపు తేడా ఉంటే జరిమానా కట్టించుకుని సర్దుబాటు చేసే వీలు నిబంధనల్లో ఉంది కానీ 40 శాతానికి, అదనపు అంతస్తుకు ఆ వెసులుబాటు వర్తించదు. అర్జీలో ఈ రెండు అంకెలు ఉంటే చాలు. అధికారి వచ్చి టేపు పెట్టి చూడక తప్పదు.

అయితే పట్టిక చూసి ప్రమాణం చేసేయకూడదు. రోడ్డు విస్తరణ వంటి వాటికి స్థలం ఇచ్చినవారికి దక్కే, అమ్ముకోదగ్గ నిర్మాణ హక్కును, అంటే టీడీఆర్‌ను, యజమాని కొనుక్కుని అదనపు అంతస్తుకు ప్లాన్ తెచ్చుకుని ఉండవచ్చు. ఒకవైపు ఖాళీని కొంత మరోవైపుకు జరిపి మంజూరు చేయించుకుని ఉండవచ్చు. అందుకే ప్లాన్ కాపీ చేతికి రావాలి. నిర్మాణం జరుగుతున్నంత కాలం మంజూరైన ప్లాన్‌ను సైటు దగ్గర కనిపించేలా పెట్టాలని సుప్రీంకోర్టు 2024 డిసెంబరు 17న ఇచ్చిన తీర్పులో స్పష్టంగా చెప్పింది. మన వీధుల్లో అది కనిపించడం అరుదు. కనిపించకపోతే సర్కిల్ కార్యాలయంలోని పౌర సమాచార అధికారికి 10 రూపాయల రుసుముతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టి, ఫలానా ఇంటి నంబరుకు మంజూరైన ప్లాన్, అనుమతి పత్రం, ఇప్పటిదాకా ఇచ్చిన నోటీసుల కాపీలు అడగాలి. గడువు 30 రోజులు. ‘మూడో వ్యక్తి సమాచారం’ అని తిప్పి పంపితే మొదటి అప్పీలుకు వెళ్లాలి. ఊరందరికీ కనిపించేలా లేచే భవనం ప్లాన్‌లో అంత రహస్యమేమిటో మాకు అర్థం కాదు.

కానీ 30 రోజులు ఆగితే స్లాబ్ వేసేస్తారు. అర్జీ కంటే ముందు చూసుకోవలసింది ఈ కాలం సంగతే. పై అంతస్తు స్లాబ్ మీద కాలమ్ ఇనుము కత్తిరించకుండా నిలబెట్టి ఉంచితే ఇంకో అంతస్తు ఆలోచన ఉందన్నమాట. సెంట్రింగ్ కొట్టే రోజే ఫొటోలు తీసి, తేదీతో సహా అర్జీ ఇచ్చేయాలి. సమాచార హక్కు దరఖాస్తు దానికి సమాంతరంగా నడుస్తుంది. మెట్ల గది, లిఫ్టు గది, నీళ్ల ట్యాంకు మేడ మీద ఉండదగ్గవే. వాటి చాటున గోడలు లేచి వంటిల్లు, బాత్‌రూమ్ వస్తే అది పెంట్‌హౌస్. అంటే మరో అంతస్తే. రేకుల కప్పు వేశామన్న వాదనతో అది అంతస్తు కాకుండా పోదు.

అర్జీని డిప్యూటీ కమిషనర్ పేరిట రాసి, కాపీని టౌన్‌ప్లానింగ్ విభాగంలోని అసిస్టెంట్ సిటీ ప్లానర్‌కు ఇచ్చి, ఇన్‌వార్డు ముద్ర వేయించుకోవాలి. సోమవారం ప్రజావాణిలో ఇచ్చినా నంబరు తప్పకుండా తీసుకోవాలి. రేపు హైకోర్టుకు వెళ్తే ‘అధికారులు స్పందించలేదు’ అనడానికి ఆ ముద్రే ఆధారం.

ఆ తర్వాత జరగవలసింది చట్టంలో ఉంది. హైదరాబాద్ నగరపాలక చట్టం 452 సెక్షన్ కింద సంజాయిషీ నోటీసు ఇవ్వాలి. 461 కింద పని ఆపించవచ్చు, 461-ఎ కింద సీలు వేయవచ్చు. సంజాయిషీ నిలబడకపోతే కారణాలు రాసిన ఉత్తర్వు, ఆ తర్వాత 636 కింద కూల్చివేత. 2024 నవంబరు 13 నాటి సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం కూల్చే ముందు 15 రోజుల నోటీసు, యజమాని మాట వినడం తప్పనిసరి. ఇది న్యాయమైన రక్షణ, మేము కాదనడం లేదు. కానీ ఆ 15 రోజుల్లో పని ఆపించకపోతే స్లాబ్ పూర్తయి, అద్దెకు మనుషులు దిగి, కథ మొదటికొస్తుంది.

చాలా ఫిర్యాదులకు ‘నోటీసు ఇచ్చాము’ అన్న ఒక్క వాక్యమే సమాధానంగా వచ్చి ఫైలు మూతపడుతుంది. కొన్నిచోట్ల యంత్రంతో స్లాబుకు నాలుగు చిల్లులు పెట్టి, ఫొటో తీసి, కూల్చివేశామని రాస్తారు. నెల తిరక్కుండా సిమెంటుతో ఆ చిల్లులు పూడిపోతాయి. మరికొన్నిచోట్ల అనధికార అంతస్తు మీద నూరు శాతం జరిమానా కలిపి ఆస్తి పన్ను వేస్తారు. ఆ రసీదు చూపించి యజమాని తనది సక్రమమైపోయిందంటాడు. పన్ను కట్టినంత మాత్రాన నిర్మాణం సక్రమం కాదు, కూల్చే అధికారం పోదు. ఈ సంగతి తెలిసిన అధికారులే చాలాసార్లు మౌనంగా ఉంటారు.

యజమాని సివిల్ కోర్టులో మునిసిపాలిటీని మాత్రమే ప్రతివాదిగా చేర్చి తాత్కాలిక ఇంజంక్షన్ తెచ్చుకోవడం మరో దారి. ఫిర్యాదుదారు అక్కడ పార్టీయే కాదు కాబట్టి వాదన ఏకపక్షంగా సాగిపోతుంది. నోటీసు వెళ్లిందని తెలియగానే నా మాటా వినాలని కోర్టును ముందే కోరే కేవియట్ వేసుకుంటే 90 రోజుల వరకు కోర్టు మీ మాట వినకుండా ఉత్తర్వు ఇవ్వదు. అప్పటికే కేసు నడుస్తుంటే తననూ చేర్చమని పిటిషన్ వేయవచ్చు. పక్కింటివాడికి ఇందులో ఏం పని అనడానికి వీల్లేదు. అక్రమ నిర్మాణాన్ని సవాలు చేసే హక్కు ఆ ప్రాంతవాసులకు ఉందని సుప్రీంకోర్టు 1974లోనే ఉడిపి కేసులో చెప్పింది.

వెలుతురు హక్కు అసలు లేనే లేదని కాదు. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం కింద, 20 ఏళ్లు ఆటంకం లేకుండా ఒక కిటికీ గుండా వచ్చిన గాలి, వెలుతురు హక్కుగా మారుతుంది. దాన్ని తేల్చేది మునిసిపాలిటీ కాదు, సివిల్ కోర్టు. ఎండ కొంచెం తగ్గితే చాలదు, ఆ గది వాడకానికి గణనీయమైన నష్టం జరిగిందని నిరూపించాలి. పదేళ్ల కిందట కట్టిన ఇంటికి ఈ దారి మూసే ఉంది.

2024 డిసెంబరు తీర్పు మరో తలుపు తెరిచింది. కంప్లీషన్ లేదా ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ లేకుండా కరెంటు, నీటి కనెక్షన్లు ఇవ్వకూడదని, బ్యాంకులు అవి చూసుకునే రుణం ఇవ్వాలని చెప్పింది. అదనపు అంతస్తుకు కొత్త మీటరు రాకముందే అర్జీ కాపీని విద్యుత్ సంస్థ ఏఈకి చేర్చడం మంచిది.

ప్రభుత్వం చేయదగ్గది ఒకటుంది. ఇంటి నంబరు కొడితే ప్లాన్, నోటీసు, దానికి వచ్చిన సంజాయిషీ, తుది ఉత్తర్వు ఎవరైనా చూసుకునేలా అనుమతుల పోర్టల్‌లో పెట్టాలి. అనుమతులు ఆన్‌లైన్‌లో ఇస్తున్నప్పుడు వాటి ఉల్లంఘనలు మాత్రం కాగితం ఫైళ్లలో ఎందుకుండాలి? ‘నోటీసు ఇచ్చాము’ అని ఫిర్యాదు మూసేసే పద్ధతిని వెంటనే మాన్పించాలి. 636 కింద ఉత్తర్వు వెలువడి అది అమలయ్యే వరకు, లేదా కోర్టు స్టే కాపీ జతచేసే వరకు, ఆ ఫిర్యాదు తెరిచే ఉండాలి.