రంగు తలుపుకు వేయండి, గేటుకు కాదు

నల్గొండ, మహబూబ్‌నగర్ కొత్త కాలనీల్లో ఆర్భాటమంతా గేటుదే. టమాటా ఎరుపో, చిలకాకుపచ్చో వేసి, లోపల తలుపుకు మాత్రం మామూలు టేకు పాలిష్‌తో సరిపెడతారు. ఇది తలకిందుల వ్యవహారం. కొట్టొచ్చే రంగు తలుపుకు దక్కాలి, గేటు గోడలతో కలిసిపోవాలి.

కారణం మన ఎండ. తలుపుకు ముందు స్లాబు నీడ ఉంటుంది, గేటుకు ఏమీ ఉండదు. పడమటి ముఖం ఇల్లయితే మధ్యాహ్నం నుంచి పొద్దుగూకే దాకా ఎండ నేరుగా రేకు మీదే. మెరిసే ఎరుపులు చాలావరకు ఈ ఎండకు వెలిసిపోతాయి. ఇటుక రంగు, చాక్లెట్ రంగుల్లో సాధారణంగా ఉండేది ఐరన్ ఆక్సైడ్, అంటే తుప్పు జాతి సరుకే. ఎండ దాన్ని కొత్తగా పాడుచేసేదేమీ ఉండదు!

మీగడ రంగు గోడలు, ఎర్ర గేటు ఉన్న ఇల్లు తీసుకోండి. కొన్ని వేసవులు గడిచాక గేటు గులాబీ రంగుకు దిగుతుంది. వేలితో రుద్దితే పొడి అంటుతుంది. ఆ పొడి మీదే కొత్త రంగు కొడితే పెచ్చులుగా లేస్తుంది. కాబట్టి ఎమిరీ పేపర్‌తో బాగా రుద్ది, తుడిచి, ఇనుము బయటపడ్డ చోట రెడాక్సైడ్ ప్రైమర్ పెట్టి, అది ఆరాక ఎనామెల్ రెండు కోట్లు వేయాలి. ఏ రంగు? షేడ్ కార్డులో గోడ రంగున్న పట్టీ చూడండి. మీగడ రంగు పసుపు వైపు ఒరిగింది కాబట్టి దాని ముదురు చుట్టం గోధుమ రంగు. గేటుకు అదే. దర్వాజ చట్రానికీ అదే వేస్తే రెండూ ఒక ఇంటివనిపిస్తాయి. ఇక తలుపు రెక్కలకు ముదురు ఆకుపచ్చ వేయండి, గడప పసుపు దాని పక్కన ఇంకా వెలుగుతుంది. నీలం వైపు ఒరిగిన బూడిద గోడలకైతే పలకరాయి రంగు గేటు, ఆవపసుపు తలుపు. డబ్బా కొనేముందు రెండడుగుల రేకు ముక్కకు పూసి, గోడకు ఆనించి పొద్దున, సాయంత్రం చూడండి. ఎనామెల్ మెరుపు వల్ల కార్డు మీది రంగు, గేటు మీది రంగు ఒకటిగా కనిపించవు.

నలుపు దేనికైనా కలుస్తుంది కదా అంటారు. కలుస్తుంది. కానీ వాకిలి కడిగినప్పుడు చిందే బోరు నీళ్ల ఉప్పు తెల్లటి చారలుగా దాని మీదే తేలుతుంది, ఎర్రమట్టి దుమ్ము కూడా. మే నెల మధ్యాహ్నం ఆ గొళ్లెం ఒకసారి పట్టుకుని చెప్పండి.

అసలు గొడవ వేరే ఉంది. మనం ఇల్లు కట్టేది గృహప్రవేశం వీడియో కోసం. డ్రోన్ పైనుంచి తిరిగేటప్పుడు గేటు మెరవాలి, అంతే. పెయింటర్ కూడా పక్కింటి గేటు ఫోటో చూపించి ‘ఇదే వేద్దాం సార్’ అంటాడు, మనం తలూపుతాం. ఎలివేషన్‌కు లక్షలు పోసినవాళ్లు కూడా గేటు రంగు పెయింట్ షాపు ట్యూబులైటు కిందే ఖాయం చేసేస్తారు.